రూమ్మేటుకు పంపిన ఫైలు, ఇంటిగ్రిటీ ఆఫీసు నుంచి వచ్చిన ఉత్తరం

ప్రశ్న: అమెరికాలో ఎం.ఎస్. రెండో సెమిస్టర్ చదువుతున్నాను. గడువుకు ముందు రోజు రాత్రి నా రూమ్మేటు అడిగితే నా పైథాన్ అసైన్‌మెంట్ ఫైలును "చూసుకోవడానికి మాత్రమే" అని చెప్పి వాట్సాప్‌లో పంపాను. అతను పేర్లు మార్చి అదే సమర్పించాడు. నిన్న ఇంటిగ్రిటీ ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. నేను కూడా "రెస్పాన్సిబుల్" అని తేల్చారు. మొదటి తప్పు కాబట్టి కోర్సులో 10 శాతం విలువున్న ఆ అసైన్‌మెంట్‌కు సున్నా వేసి, లెర్నింగ్ ప్లాన్ ఇచ్చారు: ఒక ఆన్‌లైన్ మాడ్యూల్, వెయ్యి పదాల రిఫ్లెక్షన్ వ్యాసం, ఆఫీసువారితో ఒక సమావేశం, అన్నీ ఆరు వారాల్లో. పూర్తి చేయకపోతే రిజిస్ట్రేషన్ హోల్డ్ అట. నేను కాపీ కొట్టలేదు కదండీ, అప్పీల్ చేయాలా? వీసాకు ఇబ్బందా? ఆ వ్యాసంలో ఏం రాయాలి?

సమాధానం:

ముందుగా ఉత్తరం మీద ఉన్న తేదీని, అందులో అప్పీల్ గడువు గురించి రాసిన వాక్యాన్ని చూసి రెండింటినీ ఒక కాగితం మీద రాసుకోండి. ఆ గడువును ఉత్తరం తేదీ నుంచి లెక్కిస్తారా, మీకు అందిన రోజు నుంచి లెక్కిస్తారా, శని ఆదివారాలు కలుపుతారా లేదా అన్నది అక్కడే రాసి ఉంటుంది. చాలామంది ఉత్తరంలోని మొదటి పేరా చదివి మనసు పాడుచేసుకుని, రెండు మూడు రోజులు దాన్ని మళ్లీ తెరవకుండా వదిలేస్తారు. ఆ రెండు మూడు రోజులే తర్వాత కావలసి వస్తాయి. అప్పీల్ చేయాలా వద్దా అన్నది తేల్చుకోవాలంటే మాత్రం, మీరు కాపీ కొట్టకపోయినా మీ పేరు ఆ ఉత్తరంలోకి ఎలా వచ్చిందో ముందు స్పష్టంగా తెలియాలి.

నేను అమెరికాలో పాఠం చెప్పిన రోజుల్లో ఇలాంటి కేసులు వినే సంఘంలో కొన్నేళ్లు సభ్యుడిగా ఉన్నాను. మన ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు ఆ గదిలో కూర్చుని చెప్పే మొదటి మాట ఎప్పుడూ ఒకటే: "సార్, నేను ఇచ్చాను, అంతే." ఆ మాటలో అబద్ధం లేదు. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో ల్యాబ్ రికార్డు చేతులు మారుతుంది, బాగా చదివేవారి నోటుబుక్కు క్లాసంతా తిరుగుతుంది, అడిగినవాడికి ఇవ్వనివాణ్ని స్వార్థపరుడంటారు. అక్కడ ఇవ్వడం మంచితనం. అమెరికా విశ్వవిద్యాలయాల నియమావళుల్లో మాత్రం ఇవ్వడానికి విడిగా ఒక పేరుంది. ఇంకొకరి ఉల్లంఘనకు తోడ్పడడం అనే శీర్షిక కింద, తీసుకోవడంతో సమానంగానే దాన్ని చాలాచోట్ల రాసి ఉంచారు. మీ ఉత్తరంలో ఏ నిబంధన సంఖ్య కింద మిమ్మల్ని బాధ్యులుగా తేల్చారో చూడండి. అది కాపీకి సంబంధించిన నిబంధన కాక, తోడ్పాటుకో అనుమతి లేని సహకారానికో సంబంధించినదై ఉండే అవకాశమే ఎక్కువ. అలా అయితే "నేను కాపీ కొట్టలేదు" అన్న మీ వాదన ఎవరూ మోపని ఆరోపణకు జవాబు అవుతుంది.

"రెస్పాన్సిబుల్" అన్న మాటనూ కాస్త ఆగి చదవండి. కోర్టు వాడే "దోషి" అన్న మాటను ఈ ఆఫీసులు కావాలనే వాడవు. ఇది నేర విచారణ కాదు, రుజువు కొలత కూడా వేరు. చాలా విశ్వవిద్యాలయాల్లో, జరగకపోవడం కంటే జరిగి ఉండడానికే ఎక్కువ అవకాశం ఉందని సాక్ష్యం చూపితే చాలు. మీ విషయంలో ఆ కొలత మీద వాదించడానికి పెద్దగా ఏమీ మిగలదు, ఎందుకంటే ఫైలు పంపినట్టు మీరే ఒప్పుకుంటున్నారు.

పేర్లు మార్చినా ఎలా పట్టుకున్నారన్న సందేహం మీ రూమ్మేటుకు ఉండి ఉంటుంది. కోడ్ అసైన్‌మెంట్లను పోల్చడానికి ఇక్కడి కంప్యూటర్ సైన్స్ విభాగాలు ఎక్కువగా వాడే "మాస్" అనే ప్రోగ్రామును, తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో ప్రొఫెసర్ అయిన అలెక్స్ ఐకెన్ 1994లో తయారుచేశారు. అది ఖాళీలను, వేరియబుల్ పేర్లను పట్టించుకోదు. మిగిలిన కోడ్‌ను రాసిన వరుసలోనే చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి, ఆ ముక్కలకు వేలిముద్రల వంటి సంఖ్యలు కట్టి, ఏ రెండు ఫైళ్లలో అవి ఎక్కువగా కలిశాయో చూపుతుంది. ప్రొఫెసర్ అందరికీ ఇచ్చిన మొదటి కోడ్‌ను ముందే తీసేసి లెక్కించమని చెప్పవచ్చు కాబట్టి, "అది అందరి ఫైల్లోనూ ఉంటుంది కదా" అన్న సమాధానం సాధారణంగా నిలవదు. ఆ ప్రోగ్రాము తీర్పు చెప్పదు, కలిసిన వరుసలను పక్కపక్కన పెట్టి చూపుతుంది, చదివి నిర్ణయించేది మనుషులే. మనుషులు చదివినప్పుడు పట్టుబడేది ఎక్కువగా ఇలాంటి చోట:

```python
total = 0
for i in range(len(rows) - 1):
    total += rows[i][3]
```

```python
s = 0
for k in range(len(data) - 1):
    s += data[k][3]
```

ఇవి నేను ఉదాహరణకు రాసినవి. పేర్లన్నీ వేరు. కానీ రెండింటిలోనూ ఒకటి తీసేయడం వల్ల పట్టికలోని చివరి వరుస కూడికలోకి రాకుండా పోయింది. సరైన జవాబు ఇద్దరికీ ఒకేలా రావడంలో వింత లేదు, అసైన్‌మెంట్ ఉన్నదే అందుకు. అవసరం లేని పొరపాటు ఇద్దరికీ ఒకే చోట, ఒకే రూపంలో వచ్చిందంటే మాత్రం ఒక ఫైలు నుంచి ఇంకో ఫైలుకు దారి ఉందని సంఘం సభ్యులకు అర్థమవుతుంది. ఎవరిది ముందు, ఎవరిది తర్వాత అన్నది ఆ రెండు ఫైళ్లను చూసి చెప్పలేరు. అందుకే ఇద్దరినీ పిలుస్తారు. మీకు ఉత్తరం రావడానికి కారణం అదే తప్ప, మీ మీద ఎవరికో ఉన్న అనుమానం కాదు.

ఇప్పుడు అప్పీల్ సంగతి. అప్పీల్ అంటే మొత్తం కథను ఇంకొకరి ముందు మళ్లీ చెప్పుకునే అవకాశం అని చాలామంది అనుకుంటారు. చాలా విశ్వవిద్యాలయాల్లో దానికి అంగీకరించే కారణాలు మూడే: విచారణ జరిపిన తీరులో నియమావళికి విరుద్ధమైన లోపం ఉండడం, విచారణ నాటికి మీ చేతిలో లేని కొత్త సమాచారం దొరకడం, విధించిన చర్య తప్పుకు మించి ఉండడం. చూసుకోవడానికి మాత్రమేనని చెప్పి రూమ్మేటుకు పంపిన సంగతి మీరు విచారణలో చెప్పే ఉంటారు, కనుక అది కొత్త సమాచారం కాదు. మొదటి తప్పుకు ఆ ఒక్క అసైన్‌మెంట్‌కు సున్నా, దానితో పాటు నేర్చుకునే ప్రణాళిక అంటే ఇక్కడ అది తేలికైన చర్యల్లోనే చేరుతుంది. కాబట్టి మీరు రాసినంతవరకు నాకు అప్పీల్‌కు తగిన కారణం కనబడడం లేదు. ఒక్కటి మాత్రం సరిచూసుకోండి: ఉత్తరంలో రాసిన గ్రేడు చర్యకు, కోర్సు పేజీలో ప్రొఫెసర్ వేసిన మార్కుకు తేడా ఉందేమో చూడండి. ఉత్తరం అసైన్‌మెంట్‌కు సున్నా అని చెబుతుండగా కోర్సులో మొత్తం గ్రేడు కూడా ఒక మెట్టు తగ్గి ఉంటే, దానికి అప్పీల్ కంటే ముందు ఆఫీసుకు ఒక మర్యాదైన మెయిల్ రాస్తే సరిపోతుంది.

ఆ సున్నా నిజంగా ఎంత నష్టమో లెక్క వేసుకుంటే భయం తన సరైన కొలతకు వస్తుంది. మిగిలిన అన్నింటిలోనూ మీకు నూటికి 90 వస్తున్నాయనుకుందాం. ఆ 10 శాతం పోతే మిగిలిన 90 శాతంలో 90 చొప్పున 81 వస్తాయి. చాలా కోర్సుల కొలతలో అది ఏ మైనస్ నుంచి బీ మైనస్‌కు దిగడం, అంటే 3.7 నుంచి 2.7కు. మొదటి సెమిస్టర్‌లో మీకు 3.3, 3.3, 3.7 వచ్చాయని, ఈ సెమిస్టర్‌లో మిగతా రెండు కోర్సులూ 3.3, 3.0 అని అనుకుంటే, మూడోది 2.7 అయినా ఆరు కోర్సుల సగటు దాదాపు 3.2 ఉంటుంది. మాస్టర్స్ విద్యార్థికి చాలాచోట్ల ఉండవలసిన కనీస సగటు 3.0. మీ అసలు గ్రేడులతో ఇదే లెక్క వేయండి. సగటు 3.0కు దిగువకు పోయేలా కనిపిస్తే మీ విభాగంలోని అడ్వైజరుతో ఇప్పుడే మాట్లాడండి, సెమిస్టర్ ముగిసే దాకా ఆగకండి.

ఈ లెక్క చూసి కోర్సునే వదిలేద్దామన్న ఆలోచన వస్తే అక్కడే ఆపండి. కేసులో బాధ్యత తేలిన కోర్సును వదిలే వీలు చాలా విశ్వవిద్యాలయాలు ఇవ్వవు. ఇచ్చినా, ఎఫ్-1 వీసా మీద ఉన్న మీరు పూర్తి స్థాయి విద్యార్థిగా ఉండడానికి కావలసిన క్రెడిట్ల కంటే తగ్గిపోతే అది నేరుగా మీ స్టేటస్‌కు తగులుతుంది. బీ మైనస్ వచ్చినందుకు వీసా పోదు, అనుమతి లేకుండా క్రెడిట్లు తగ్గించుకున్నందుకు పోవచ్చు. కోర్సుల విషయంలో ఏ మార్పైనా చేసే ముందు అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసులోని మీ డీఎస్‌ఓను అడగండి.

వీసా గురించి మీ భయానికి సూటిగా సమాధానం చెబుతాను. ఇంటిగ్రిటీ ఆఫీసు ఇచ్చిన "రెస్పాన్సిబుల్" అన్న నిర్ణయం, సున్నా, లెర్నింగ్ ప్లాన్ ఇవేవీ వాటంతట అవి, విదేశీ విద్యార్థుల వివరాలు ప్రభుత్వం ఉంచే సెవిస్ రికార్డులోకి వెళ్లేవి కావు. అక్కడికి వెళ్లేది మీ నమోదు పరిస్థితి: సస్పెండ్ చేస్తే, బహిష్కరిస్తే, లేదా మీరు నమోదు కాకపోతే. మీ ఉత్తరంలో మొదటి రెండూ లేవు. మూడోదానికి మాత్రం దారి మీ ఉత్తరం చివరి పేరాలోనే ఉంది, దాన్ని మీరు "అట" అని తేలిగ్గా రాశారు. ఆరు వారాల్లో ప్లాన్ పూర్తి కాకపోతే హోల్డ్ పడుతుంది, హోల్డ్ ఉంటే తర్వాతి సెమిస్టర్‌కు కోర్సులు నమోదు చేసుకోలేరు, నమోదు లేకపోతే స్టేటస్ నిలవదు. తప్పు చేసినందుకు ఇబ్బంది పడని విద్యార్థి, వ్యాసం ఒక వారం ఆలస్యంగా పంపినందుకు ఆగస్టులో డీఎస్‌ఓ గది ముందు నిలబడడం నేను చూశాను. కాబట్టి ప్లాన్‌లోని మూడు పనుల తేదీలను వీసా తేదీలంత జాగ్రత్తగా చూసుకోండి. సమావేశం కోసం సమయం మీరే ముందుగా అడిగి తీసుకోండి, ఎందుకంటే చివరి వారంలో ఖాళీ దొరకలేదన్నది కారణంగా ఎవరూ ఒప్పుకోరు.

ఆన్‌లైన్ మాడ్యూల్ గురించి చెప్పవలసింది తక్కువ. ఒక సాయంత్రం కూర్చుంటే అయిపోతుంది, చివర్లో వచ్చే పూర్తయినట్టు చూపే పేజీని దాచుకోవడం మరచిపోకండి. అసలు పని వ్యాసంలో ఉంది, ఎక్కువమంది అక్కడే తప్పటడుగు వేస్తారు.

వెయ్యి పదాలనగానే మనవాళ్లు క్షమాపణ పత్రం రాస్తారు. "నేను చేసినది చాలా పెద్ద తప్పని తెలుసుకున్నాను, ఇకపై ఎప్పుడూ నిజాయతీగా ఉంటాను, నా తల్లిదండ్రులు అప్పు చేసి పంపించారు, దయచేసి నన్ను క్షమించండి" అని నాలుగు పేరాలు సాగుతుంది. ఆ మాటల వెనుక బాధ నిజమే, చదివేవారికి అది తెలుసు. కానీ ఆ వ్యాసాన్ని చదివే ఉద్యోగి మిమ్మల్ని క్షమించడానికి కూర్చోలేదు, ఉత్తరం వచ్చినప్పుడే నిర్ణయం అయిపోయింది. ఆ రాత్రి ఏ క్షణంలో ఏ నిర్ణయం తీసుకున్నారో మీకు కనబడిందా, అదే క్షణం మళ్లీ వస్తే ఏం చేస్తారో తెలుసా అన్నదే వారు వెతుకుతారు. ఆ మాట లేని వ్యాసాన్ని తిరిగి రాయమని పంపుతారు, ఆ సమయం కూడా మీ ఆరు వారాల్లోనే పోతుంది.

కాబట్టి ఆ రాత్రి నుంచే మొదలుపెట్టండి. మీ ఫైలు ఎన్ని గంటలకు పూర్తయింది, అతను ఎన్ని గంటలకు అడిగాడు, ఎలా అడిగాడు, మీరు పంపే ముందు ఒక్క క్షణమైనా ఆగారా, ఆగితే ఏమనుకున్నారు. ఒక మంచి వ్యాసంలోని పేరా ఎలా ఉంటుందో చూపడానికి నేను ఒకటి కల్పించి రాస్తున్నాను, ఇది మీరు వాడుకోవడానికి కాదు: "అతను అడిగినప్పుడు రాత్రి 11 దాటింది. నేను అప్పటికే సమర్పించేశాను కాబట్టి నాకు పోయేది ఏమీ లేదనిపించింది. కాదంటే మర్నాడు ఉదయం ఒకే వంటగదిలో ముఖం చూసుకోవాలి. సహకారం గురించి సిలబస్‌లో ఉన్న పేరా నేను మొదటి వారం చదివాను, కానీ అది ఇంటర్నెట్ నుంచి తెచ్చుకునేవాళ్ల కోసమని అనుకున్నాను. అతనికి లూపు అర్థం కాలేదు. నేను ఫైలు పంపడానికి పట్టింది పది సెకన్లు. దాన్ని బోర్డు మీద చెప్పడానికి ఇరవై నిమిషాలు పట్టేది, ఆ ఇరవై నిమిషాలు నేను ఇవ్వదలచుకోలేదు." ఇందులో క్షమాపణ ఒక్కటీ లేదు. అయినా చదివినవారికి ఈ విద్యార్థికి జరిగింది అర్థమైందని తెలుస్తుంది. మరీ ముఖ్యంగా, తను చేసింది సాయం కాదని, సాయానికి బదులుగా చేసిన పని అని ఆ విద్యార్థి తానే గుర్తించాడు.

రూమ్మేటు గురించి వ్యాసంలో ఎంత అవసరమో అంతే రాయండి. అతను మోసం చేశాడని పేజీ నింపితే, నిర్ణయం తీసుకున్నది తనేనని ఈ విద్యార్థికి ఇంకా తెలియలేదని చదువరి అనుకుంటారు. ఇంకో సంగతి, దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోకండి: ఈ వ్యాసాన్ని మీ సీనియర్ల దగ్గర అడిగి తీసుకోవద్దు. మేము చూసిన కేసుల్లో ఒక విద్యార్థి, ముందు ఏడాది ఇంకొకరు రాసిన రిఫ్లెక్షన్‌ను కొద్దిగా మార్చి పంపాడు. పాత వ్యాసాలన్నీ అదే పోలికల వ్యవస్థలో ఉండడంతో అది బయటపడి రెండో కేసు అయింది. రెండో కేసుకు వచ్చే ఉత్తరంలో లెర్నింగ్ ప్లాన్‌తో పాటు సస్పెన్షన్ అన్న మాట కూడా ఉండవచ్చు, అప్పుడు పైన చెప్పిన వీసా మాటలన్నీ మారిపోతాయి.

వ్యాసం చివరి భాగంలో, ఇకపై ఏం చేస్తారన్న చోట, చేయగలిగిన పనులు రాయండి. కొన్ని కంప్యూటర్ సైన్స్ కోర్సుల్లో ఒక పద్ధతి ఉంది: ఇద్దరూ కూర్చుని సమస్యను ఎంతసేపైనా చర్చించుకోవచ్చు, బోర్డు మీద బొమ్మలు గీసుకోవచ్చు, కానీ లేచేటప్పుడు ఏ కాగితమూ, ఏ ఫొటో కూడా తీసుకుపోకూడదు, ఆ తర్వాత కనీసం అరగంట గడిచాకే ఎవరి కోడ్ వారు రాయడానికి కూర్చోవాలి. అర్థమైనది ఆ అరగంట నిలుస్తుంది, గుర్తుంచుకున్నది నిలవదు. మీ కోర్సులో చర్చకు అనుమతి ఉందేమో సిలబస్‌లో చూసి, ఉంటే ఈ పద్ధతిని మీ మాటల్లో రాయండి. సమావేశంలో వారు అడిగే మొదటి ప్రశ్న దాదాపుగా ఇదే అవుతుంది: "రేపు ఇంకో స్నేహితుడు అడిగితే ఏమంటారు?" అప్పుడు మీ ఇద్దరి మధ్య జరిగే మాటను ముందుగానే ఒకసారి పైకి అనుకుని చూడండి. "ఫైలు ఇవ్వలేనురా, ఎక్కడ ఆగిపోయావో చెప్పు, కూర్చుందాం" అన్న వాక్యం తెలుగులో అనడం కష్టమేమీ కాదు, కానీ మొదటిసారి నోరు తిరగదు.

వ్యాసంలో రాయవలసిన అవసరం లేకపోయినా ఈ వారమే చేయవలసిన పని ఒకటుంది. మీ పాత అసైన్‌మెంట్లు ఏవైనా గిట్‌హబ్‌లో అందరికీ కనబడేలా ఉన్నాయా, సీనియర్ల అసైన్‌మెంట్లని పేరు పెట్టి మన వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే డ్రైవ్ ఫోల్డర్లలో ఏదైనా మీరు పెట్టారా చూడండి. ప్రొఫెసర్లు ఈ సెమిస్టర్ ఫైళ్లనే కాక పాత సెమిస్టర్ల ఫైళ్లను కూడా కలిపి పోలుస్తారు. మీరు పై సెమిస్టర్‌కు వెళ్లాక, మీకు ముఖం కూడా తెలియని జూనియర్ మీ ఫైలును వాడుకుంటే, పోలికలో పక్కన వచ్చేది మీ పేరు, అప్పటికి మీ పేరు మీద ఒక కేసు ఉండనే ఉంటుంది. రిపాజిటరీలను ప్రైవేటు చేయండి, ఫోల్డర్ల నుంచి మీవి తీసేయండి. అలాంటి ఫోల్డర్లను ఇంకా నడుపుతున్న సీనియర్లకు కూడా నేను ఈ మాటే చెబుతాను: మీరు జూనియర్లకు మేలు చేస్తున్నారనుకుంటున్నారు, కానీ మొదటి సెమిస్టర్‌లోనే ఇలాంటి ఉత్తరం అందుకునే దారి వారికి చూపుతున్నారు.

రికార్డు ఎక్కడ ఉంటుందన్నది మీరు అడగలేదు కానీ అడగవలసిన ప్రశ్నే. మొదటి తప్పుకు ఇలాంటి ప్లాన్ ఇచ్చినప్పుడు సాధారణంగా ట్రాన్స్‌క్రిప్ట్ మీద గుర్తు వేయరు, వేసే పక్షంలో ఉత్తరంలోనే రాస్తారు. కేసు ఫైలు ఆఫీసులో ఉంటుంది, ఎన్నేళ్లు ఉంచుతారో వారి నియమావళి చెబుతుంది. 1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం అది మీ విద్యా రికార్డు, కనుక మీ అనుమతి లేకుండా ఉద్యోగం ఇచ్చే కంపెనీ దాన్ని తెప్పించుకోలేదు. మీరు ఇంకో విశ్వవిద్యాలయానికి దరఖాస్తు చేసుకుంటే మాత్రం అక్కడికి పంపడానికి చట్టంలో వీలుంది. రేపు పీహెచ్‌డీ దరఖాస్తులో ఎప్పుడైనా బాధ్యులుగా తేలారా అన్న ప్రశ్న ఉంటే అవునని రాసి, రెండు వాక్యాల్లో జరిగింది చెప్పండి. ఒక ఫైలు పంపిన సంగతిని చదివి పక్కన పెడతారు, లేదని రాసి తర్వాత బయటపడితే పక్కన పెట్టరు.

మీ రూమ్మేటు కేసు ఇంకా నడుస్తుంటే అతనితో సాక్ష్యం గురించి, ఎవరు ఏం చెప్పాలన్నదాని గురించి మాట్లాడుకోకండి. ఇంటి అద్దె, వంట, సరుకులు ఎప్పటిలాగే సాగనివ్వండి.

వ్యాసం మొదటి ప్రతిని వచ్చే ఆదివారానికి పూర్తి చేసి, విశ్వవిద్యాలయం రైటింగ్ సెంటర్‌లో ఒకసారి చూపించుకోండి. అక్కడ భాష సరిచూడడానికి అనుమతి ఉందని ఆఫీసుకు ఒక మెయిల్ పెట్టి ముందే నిర్ధారించుకోండి. మూడు పనులూ పూర్తయ్యాక, ప్లాన్ ముగిసినట్టు తెలిపే మెయిల్ ఆఫీసు నుంచి రావాలి. వారంలో రాకపోతే మీరే అడగండి. ఆ మెయిల్ వచ్చిన రోజున రిజిస్ట్రేషన్ పేజీ తెరిచి మీ పేరు పక్కన హోల్డ్ ఏదీ లేదని కళ్లారా చూసుకోండి, ఆ మెయిల్‌ను, ఈ ఉత్తరాన్ని ఒకే చోట దాచుకోండి.